పెట్టెలోని ఖాళీకి కూడా తూకం ఉంది

అమెరికాలో ఉన్న పిల్లలకు పార్శిల్ పంపేవాళ్లు ఇంటి దగ్గరే పెట్టెను తూచుకుని బయల్దేరతారు. ఆవకాయ, గోంగూర, కందిపొడి, అప్పడాలు, జంతికలు, ఓ రెండు చీరలు. అన్నీ కలిపి 8 కిలోల 200 గ్రాములు. కొరియర్ ఆఫీసులోని కాటా కూడా అంతే చూపిస్తుంది. తర్వాత కౌంటర్ దగ్గరి కుర్రాడు టేపు తీసి పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తు కొలిచి, కంప్యూటర్లో ఏవో అంకెలు కొట్టి, 11 కిలోలకు బిల్లు చేతిలో పెడతాడు. ఇదేమిటని అడిగితే, "వాల్యూమ్ వెయిట్ పడిందండీ" అంటాడు. ఆ మాటతో సంభాషణ ముగుస్తుంది. పెద్దవాళ్లు అనుమానంగానే డబ్బు కట్టి వచ్చేస్తారు.

అందులో మోసమేమీ లేదు. కానీ అది ఎలా వచ్చిందో పెట్టె మూయకముందే తెలిసి ఉంటే, అదే సామాను 8.5 కిలోల ధరకే వెళ్లి ఉండేది. కిలోకు వందల రూపాయలు పలికే చోట రెండున్నర కిలోల తేడా చిన్నది కాదు. లెక్క ఐదో తరగతి పిల్లలు కూడా చేయగలిగేది. కష్టమల్లా ఏ కొలత పట్టాలి, ఎక్కడ పట్టాలి అన్నదే.

ఆ పెట్టెనే తీసుకుందాం. బయటి కొలతలు 46 సెంటీమీటర్ల పొడవు, 36 వెడల్పు, 32 ఎత్తు. మూడింటినీ గుణిస్తే 52,992 ఘనపు సెంటీమీటర్లు. దాన్ని 5000తో భాగిస్తే 10.6 వస్తుంది. ఇదే వాల్యూమెట్రిక్ వెయిట్, అంటే పెట్టె ఆక్రమించే చోటును కిలోల్లోకి మార్చిన అంకె. అంతర్జాతీయ ఎక్స్‌ప్రెస్ పార్శిళ్లకు పెద్ద సంస్థలు సాధారణంగా వాడే భాజకం ఈ 5000. కాటా మీద 8.2, కొలతల్లో 10.6. రెండింటిలో పెద్దదాన్ని తీసుకుని, దాన్ని పై అర కిలోకు సవరిస్తారు. అలా 11 అయింది. బిల్లులో చార్జబుల్ వెయిట్ అని కనిపించేది ఈ అంకె.

5000 అన్నది ఎక్కడినుంచో ఊడిపడ్డట్టు కనిపిస్తుంది గానీ దాన్ని ఊహించుకోవడం తేలిక. 5000 ఘనపు సెంటీమీటర్లంటే ఐదు లీటర్లు. ఐదు లీటర్ల చోటు ఆక్రమించే వస్తువు కనీసం ఒక కిలో అయినా తూగాలి, తూగకపోతే తూగినట్టే లెక్క కడతాం అని సంస్థ చెబుతోందన్నమాట. ఆవకాయకు ఈ నియమంతో ఇబ్బందే లేదు. లీటరు చోటులో అది కిలో చుట్టుపక్కల తూగుతుంది. పూతరేకులు, పేలాలు, వడియాలు, దిండ్లు, బొమ్మలు, పట్టు లంగాతో పాటు పంపే కాగితపు పూలు మాత్రం ఐదు లీటర్లకు కిలో తూగమంటే తూగవు. వాటి బిల్లు కాటా మీద కాదు, టేపు మీద తేలుతుంది.

అసలు చోటుకు డబ్బు ఎందుకు కట్టాలి? పత్తి లారీనీ సిమెంటు లారీనీ పక్కపక్కన పెట్టి చూస్తే ఇది అర్థమవుతుంది. సిమెంటు లారీలో బస్తాలు సగం ఎత్తుకు కూడా రాకముందే చట్టం ఒప్పుకునే బరువు పూర్తవుతుంది. పైన ఎంత ఖాళీ ఉన్నా ఇంకొక్క బస్తా వేయడానికి లేదు. విడి పత్తి వేసిన లారీ పక్కలకు ఉబ్బి, పైకి పొంగి, తాళ్లతో బిగించుకుని పోతుంటుంది. బరువు చూస్తే ఇంకా ఎంతో మోయగలదు, కానీ పెట్టడానికి చోటు లేదు. రెండు లారీలకూ నిండిపోవడం నిండిపోవడమే, నిండిన దారులే వేరు. డీజిలు, డ్రైవరు జీతం, టోలు రెండింటికీ కట్టాల్సిందే. పత్తి యజమాని దగ్గర బరువును బట్టి మాత్రమే కిరాయి తీసుకుంటే, ఆ లారీ ఖర్చులో కొంత సిమెంటు యజమాని నెత్తిన పడుతుంది.

విమానంలో ఈ ఒత్తిడి ఇంకా ఎక్కువ. సరుకు రవాణాకు వాడే బోయింగ్ 777 విమానం దాదాపు 102 టన్నులు మోస్తుంది. దానిలో సరుకు పట్టే చోటు సుమారు 650 ఘనపు మీటర్లు. అంటే బరువూ చోటూ రెండూ ఒకేసారి నిండాలంటే ఘనపు మీటరుకు సుమారు 157 కిలోల సరుకు పడాలి. ఇప్పుడు పూతరేకులు మాత్రమే పెట్టిన ఒక పెట్టెను ఊహించుకోండి. 40 పొడవు, 40 వెడల్పు, 30 ఎత్తు, బరువు మూడున్నర కిలోలు. ఘనపు మీటరు లెక్కన చూస్తే 73 కిలోలే. మధ్యలో గాలి కూడా చొరకుండా ఆ విమానం నిండా అలాంటి పెట్టెలే పేర్చినా 47 టన్నుల దగ్గర తలుపు మూసేయాలి. సగానికి పైగా మోసే శక్తి వృథా. కాటా చూపిన బరువుకే డబ్బు తీసుకుంటే ఆ విమానం ఖర్చులో సగం కూడా రాదు.

అందుకే రెండు అంకెల్లో పెద్దది. రెండింటినీ కలిపితే ఒకే పెట్టెకు రెండుసార్లు వసూలు చేసినట్టవుతుంది. సగటు తీస్తే తేలిక పార్శిళ్ల భారం మళ్లీ బరువైన పార్శిళ్ల మీదికే పోతుంది. వాహనంలో ముందు నిండేది ఏదైతే, దాన్ని నువ్వు ఎంత వాడుకున్నావో అంతకే కట్టు అనడమే ఈ నియమం. సూత్రంగా ఇది న్యాయమైనదనే నా అభిప్రాయం.

భాజకం విషయంలో మాత్రం అంత నిశ్చింతగా చెప్పలేను. విమాన సరుకు రవాణాలో ప్రపంచమంతటా వాడుకలో ఉన్న ప్రమాణం 6000, అంటే ఘనపు మీటరుకు 167 కిలోలు. పైన చెప్పిన విమానం లెక్కకు అది బాగా దగ్గర. కొరియర్ సంస్థలు వాడే 5000 లెక్కన అది 200 కిలోలవుతుంది. పెట్టెలు రకరకాల కొలతల్లో ఉంటాయి, ఎంత నేర్పుగా పేర్చినా మధ్యలో సందులు మిగులుతాయి, విమానం దిగాక వ్యానుల్లో కూడా చోటు కావాలి. ఆ సందుల ఖర్చు కూడా ఈ తేడాలో ఉంది. అయినా భాజకం అనేది ప్రకృతి నియమం కాదు, ధరను కదిపే మీట. మన మొదటి పెట్టెనే 6000తో భాగిస్తే 8.83, అంటే 9 కిలోల బిల్లు. 5000తో అయితే 11. పెట్టె అదే, కిలో ధర అదే, తేడా రెండు కిలోలు.

ఆ మీటను కదిపిన సందర్భాలు అమెరికా చరిత్రలో స్పష్టంగా కనిపిస్తాయి. అక్కడ రోడ్డు మార్గాన వెళ్లే పార్శిళ్లలో మూడు ఘనపు అడుగుల కంటే చిన్నవాటికి చాలాకాలం ఈ లెక్క వర్తించేది కాదు. ఆన్‌లైన్ కొనుగోళ్లు పెరిగి, చిన్న వస్తువును పెద్ద పెట్టెలో పెట్టి పంపడం ఎక్కువయ్యాక, 2014 డిసెంబరు చివర్లో యూపీఎస్, 2015 జనవరి 1 నుంచి ఫెడెక్స్ ఆ మినహాయింపును తీసేశాయి. 2017లో ఫెడెక్స్ దేశీయ భాజకాన్ని 166 నుంచి 139కి తగ్గించింది. అక్కడ కొలతలు అంగుళాల్లో, బరువు పౌండ్లలో కాబట్టి అంకెలు వేరుగా కనిపిస్తాయి. మన లెక్కలో చెబితే సుమారు 6000 నుంచి 5000కి వచ్చినట్టు. కిలో ధర జోలికి పోకుండానే తేలిక పార్శిళ్ల బిల్లు అయిదో వంతు పెరిగింది. కాబట్టి ఏ కొరియర్ ఆఫీసుకు వెళ్లినా "కిలో ఎంత?" అని అడిగి ఊరుకోకూడదు. "దేనితో భాగిస్తారు?" అన్నది కూడా అడగాలి. కిలో ధర తక్కువ చెప్పి భాజకం చిన్నది వాడే చోటు చివరికి ఖరీదు కావచ్చు.

ఇక మన పెట్టెకు వద్దాం. దాన్ని దుకాణంలో కొన్నప్పుడు 45, 35, 30 అని చెప్పారు. ఆ లెక్కన 9.45 రావాలి, 9.5 కిలోల బిల్లు. ఆఫీసులో 46, 36, 32 ఎందుకయ్యాయి? అట్టపెట్టెలు అమ్మేవాళ్లు సాధారణంగా లోపలి కొలత చెబుతారు. లోపల ఎంత సామాను పడుతుందన్నది వాళ్ల వ్యాపారం. కొరియర్ వాళ్లు బయటి కొలత పడతారు. ఐదు పొరల అట్ట దాదాపు అర సెంటీమీటరు మందం ఉంటుంది. రెండు పక్కలా కలిపి పొడవు, వెడల్పుల్లో ఒక్కో సెంటీమీటరు పెరుగుతుంది. పైనా కిందా రెక్కలు ఒకదానిమీద ఒకటి మడుస్తాం కాబట్టి ఎత్తులో రెండు సెంటీమీటర్లు. కంటికి ఆనని ఈ మందం ఒక్కటే కిలోకు పైగా బరువు చేర్చింది. ఇంట్లో లెక్క వేసుకునేటప్పుడు పెట్టెను మూసి, టేపు అంటించి, బయటి అంచు నుంచి బయటి అంచుకు కొలవాలి. సెంటీమీటరు పైన కొంచెం ఉంటే పై అంకెకే రాసుకోవాలి. చాలా సంస్థలు అలాగే చేస్తాయి.

ఈ పెట్టెలో అసలు ఖాళీ ఎక్కడుందో చూస్తే మార్గం దొరుకుతుంది. సామాను 23 సెంటీమీటర్ల ఎత్తుకు వచ్చి ఆగింది. మిగిలిన పై భాగమంతా ఉండలు చుట్టిన న్యూస్‌పేపర్లే. ఎత్తులో ఒక సెంటీమీటరు తగ్గితే ఏమవుతుంది? 46ను 36తో గుణించి 5000తో భాగించండి, 0.33 వస్తుంది. ఆ న్యూస్‌పేపర్ల పొరలో ప్రతి సెంటీమీటరూ మూడో వంతు కిలో అన్నమాట. నాలుగు మూలలనూ నిలువునా ఏడు సెంటీమీటర్లు బ్లేడుతో కోసి, రెక్కలను అక్కడ మడిచి మూస్తే బయటి ఎత్తు 25 అవుతుంది. మళ్లీ గుణిస్తే 41,400, భాగిస్తే 8.28. కాటా బరువు 8.2. రెండూ 8.5 అర కిలో మెట్టులోనే పడ్డాయి. 11 కిలోల బిల్లు 8.5కి దిగింది. ఒక్క వస్తువు కూడా తీయలేదు.

ఎత్తే ఎందుకు తగ్గించాలి, పొడవు తగ్గించకూడదా? తగ్గించవచ్చు, కానీ అంత ఫలితం ఉండదు. ఈ పెట్టె పొడవులో ఒక సెంటీమీటరు తీస్తే పోయేది 36, 32ల పొర, 0.23 కిలో మాత్రమే. మూడు కొలతల్లో ఏది చిన్నదో దానిలో తీసే సెంటీమీటరే ఎక్కువ బరువు తగ్గిస్తుంది, ఎందుకంటే ఆ దిశలో కోసే పొర మిగతా రెండు పెద్ద కొలతలంత వెడల్పుగా ఉంటుంది. మామూలు పెట్టెల్లో ఆ చిన్న కొలత ఎత్తే, కోసి మడవడానికి వీలైనదీ ఎత్తే. ఈ సౌకర్యం మనకు కలిసొచ్చింది.

రెండు అంకెలూ దగ్గరపడ్డాక ఇంకా కోయాలని చూడటం దండగ. కాటా బరువు కిందికి వాల్యూమెట్రిక్ వెయిట్ ఎంత తగ్గినా బిల్లు మారదు. అక్కడినుంచి అట్టను పలచన చేయడం, మెత్తలు తీసేయడం వల్ల ఒరిగేదేమీ లేదు, సీసా పగలడం తప్ప.

ఇంతకంటే పెద్ద నష్టం ఇంకొకటి ఉంది, అది చాలామంది గమనించనిది. పచ్చళ్లనూ పిండివంటలనూ వేర్వేరు పెట్టెల్లో పంపడం. నూనె కారి పూతరేకులు పాడవుతాయన్న జాగ్రత్తతో అలా చేస్తారు. లెక్క చూడండి. పచ్చళ్ల పెట్టె 30, 25, 20. చోటు ప్రకారం 3 కిలోలు, కాటా మీద 8. బిల్లు 8కి. పైన చెప్పుకున్న పూతరేకుల పెట్టె 40, 40, 30. కాటా మీద మూడున్నర, చోటు ప్రకారం 9.6. బిల్లు 10కి. మొత్తం 18 కిలోలు. అవే రెండింటినీ నలభై సెంటీమీటర్ల చదరపు పెట్టె ఒకదానిలో, ఎత్తు కూడా నలభై ఉండేలా సర్దితే చోటు ప్రకారం 12.8, కాటా మీద పదకొండున్నర. బిల్లు 13కి. ఐదు కిలోలు మిగిలాయి.

విడివిడిగా పంపినప్పుడు పచ్చళ్ల పెట్టె తన బరువుకు కట్టింది, పూతరేకుల పెట్టె తన చోటుకు కట్టింది. పచ్చళ్ల పెట్టె వాడుకోని చోటు, పూతరేకుల పెట్టె వాడుకోని బరువు రెండూ వృథా అయ్యాయి. ఒకే పెట్టెలో ఆ రెండూ ఒకదాన్నొకటి పూరించుకుంటాయి. విమానంలో బరువైన సరుకునూ తేలిక సరుకునూ కలిపి ఎక్కించి సంస్థలు లాభపడేది సరిగ్గా ఈ లెక్కతోనే. ఆ లాభాన్ని మన పెట్టెలోనే మనం చేసుకోవచ్చు. అయితే సర్దడంలో శ్రద్ధ కావాలి. పచ్చడి ప్యాకెట్లను రెండేసి కవర్లలో సీలు చేసి అడుగున పరచాలి. పైన పెట్టె వెడల్పంతా వచ్చే గట్టి అట్ట వేయాలి. దానిమీద పూతరేకులు. పెట్టె తిరగబడితే పచ్చడి బరువు మీద పడుతుంది కాబట్టి, పూతరేకులను కాగితం సంచిలో కాక గట్టి డబ్బాల్లోనే పెట్టాలి.

ఒకే చిరునామాకు ఒకటికంటే ఎక్కువ పెట్టెలు పంపక తప్పకపోతే, పెద్ద అంకెను పెట్టె పెట్టెకూ తీస్తారా, లేక మొత్తం బరువునూ మొత్తం చోటునూ కూడి ఒకేసారి పోలుస్తారా అని అడగండి. సంస్థను బట్టి ఇది మారుతుంది. కూడి పోల్చే చోట పై ఉదాహరణలో రెండు పెట్టెలు పంపినా 13 కిలోలే అవుతుంది.

ఆఫీసులో చెప్పిన అంకె తర్వాత పెరగడం కూడా జరుగుతుంటుంది. కౌంటర్లో టేపుతో తీసిన కొలత చివరిది కాదు. పెద్ద కేంద్రాల్లో పార్శిళ్లు బెల్టు మీద కదులుతుండగా కెమెరాలు, లేజర్లు వాటి కొలతలు తీస్తాయి. ఆ యంత్రం పెట్టెలో అన్నిటికంటే బయటికి పొడుచుకొచ్చిన చోటునే చూస్తుంది. కుక్కి కుక్కి సర్దిన పెట్టె మధ్యలో ఉబ్బుతుంది. మనిషి టేపును అంచు వెంట పట్టి 25 అంటాడు, యంత్రం ఉబ్బు దగ్గర చూసి 27 అంటుంది. మన పెట్టెకు అది 8.94, అంటే 9 కిలోలు. పెట్టె పైన ఒక కర్రను అడ్డంగా పెట్టి, అది రెండు అంచులకూ ఆనుతోందో లేక మధ్యలో లేచి ఊగుతోందో చూస్తే ఉబ్బు తెలిసిపోతుంది. పిడికోసం చుట్టిన తాడు ముడి, వదులుగా లేచిన టేపు కూడా కొలతలోకి వస్తాయి.

పెట్టె ఆకారంలో లేనివాటికి కూడా పెట్టె లెక్కే. గుండ్రటి గొట్టంలో చుట్టి పంపిన బొమ్మకు, ఆ గొట్టం సరిగ్గా పట్టే నలుచదరపు పెట్టె కొలత తీసుకుంటారు. అంటే అయిదో వంతుకు పైగా గొట్టం చుట్టూ ఉన్న గాలికే కడతాం. వీణ పంపేవాళ్లకు ఇది అన్నిటికంటే గట్టిగా తగులుతుంది. పెట్టె 135 పొడవు, 45 వెడల్పు, 40 ఎత్తు అనుకుంటే 48.6 కిలోలు. వీణా పెట్టే కలిపి ఎంత తూగినా ఆ దరిదాపులకు రాదు. కుండ వెడల్పు ఒకవైపే ఉన్నా, కొలత పొడవంతా అంతే వెడల్పు ఉన్నట్టు లెక్క వేస్తుంది.

మన ఇళ్లలో అంగుళాల టేపులే ఎక్కువ. వాటితోనూ పని జరుగుతుంది, భాజకం మాత్రం మార్చాలి. మూడు కొలతలూ అంగుళాల్లో తీసి గుణించి 305తో భాగిస్తే కిలోలు వస్తాయి. 18, 14, 12 అంగుళాల పెట్టెకు 3024, భాగిస్తే 9.9 కిలోలు. అంగుళాలను 5000తో భాగించి కిలో కూడా రాలేదని సంబరపడితే ఆఫీసులో నిరాశ తప్పదు.

దేశంలోపల లారీల మీద వెళ్లే సరుకుకు ఇదే లెక్కను ఘనపు అడుగుల్లో వేయడం వాడుక. ఒక ఘనపు అడుగుకు ఇన్ని కిలోలని సంస్థ ముందే ఒప్పందంలో రాస్తుంది. ఆరు, ఎనిమిది, పది ఇలా. 5000 భాజకం లెక్కన అది 5.66 కిలోలు. కాబట్టి ఒప్పందంలో పది అని ఉంటే చోటుకు దాదాపు రెట్టింపు కడుతున్నట్టు. బొమ్మలు, బుట్టలు, ప్లాస్టిక్ సామాను క్రమం తప్పకుండా పంపే చిన్న వ్యాపారులు కిలో ధర మీద బేరమాడినంత గట్టిగా ఈ అంకె మీద కూడా బేరమాడాలి. తగ్గించడానికి సంస్థకు వీలున్న అంకె అది.

బిల్లు పెరిగిందని కబురొస్తే వాదించడానికి చేతిలో ఆధారం కావాలి. పెట్టెను అప్పగించే ముందే మూడు వైపులా టేపు ఆనించి, అంకెలు కనిపించేలా ఫొటోలు తీసుకోవాలి. కాటా మీద ఉన్నప్పుడు ఒకటి. రసీదులో మొత్తం మాత్రమే కాక మూడు కొలతలూ, భాజకమూ రాయించుకోవాలి. రాయనంటే పార్శిల్ ఇవ్వకముందే అడిగే హక్కు మనకుంది, ఇచ్చాక అడిగితే జవాబు చెప్పేవాళ్లు తక్కువ. ఫొటోలో 25 ఉండి బిల్లులో 29 పడితే, కేంద్రంలో యంత్రం తీసిన కొలతను చూపించమని రాతపూర్వకంగా అడగండి. రెండు మూడు పెట్టెలు పంపిన రోజున వాటి కొలతలు తారుమారై ఒకదానివి ఇంకొకదానికి పడటం కూడా ఉంటుంది. అందుకే ప్రతి పెట్టె మీదా దాని కొలతలను మార్కరుతో పెద్దగా రాసి, ఆ రాత కూడా ఫొటోలో పడేలా చూసుకోవాలి.